మందు పెట్టెలోని హిందీ కాగితం తెలుగులోకి: నిషేధం నిషేధంగానే మిగలాలంటే

గడ్చిరోలి జిల్లా దక్షిణ కొసన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేచోట సిరొంచ తాలూకా ఉంది. నదికి ఇవతల మహారాష్ట్ర, అవతల కాళేశ్వరం. ఇక్కడ ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ, అడవి పల్లెల్లో గోండి, మాడియా వినిపిస్తాయి. మందుల దుకాణంలోనూ ఆరోగ్య కేంద్రంలోనూ హిందీతో పని గడుస్తుంది. మరాఠీ బడిలో చదువుకున్నవారు దేవనాగరిని చకచకా చదువుతారు కానీ, మందు గురించి ఇంట్లో మాట్లాడుకునేది తెలుగులోనే. అందుకే హిందీ సమాచార పత్రాన్ని తెలుగులోకి మార్చే పని తరచుగా ఎవరో ఒకరి మీద పడుతుంది. ఆ పని చేసే ఆశా కార్యకర్తలు, ఫార్మసిస్టులు, ఉపాధ్యాయులు, అనువాదకుల కోసం ఈ వ్యాసం.

పత్రం మొత్తాన్ని ఇక్కడ చర్చించను. మందు ఎవరికి ఇవ్వకూడదో, ఏం కనిపిస్తే ఆపాలో చెప్పే భాగం ఒక్కటే తీసుకుంటాను. మిగతా చోట్ల అనువాదం కాస్త బలహీనంగా ఉంటే చదవడానికి ఇబ్బంది అవుతుంది. ఈ భాగం బలహీనపడితే మనిషికి హాని జరుగుతుంది.

ఉదాహరణకు ప్రైమాక్విన్‌ను ఎంచుకున్నాను. మహారాష్ట్రలో మలేరియా ఎక్కువగా కనిపించే జిల్లాల్లో గడ్చిరోలి ఒకటి కాబట్టి ఈ మందు ఇక్కడివారికి కొత్త కాదు. వైవాక్స్ మలేరియాలో పరాన్నజీవి కాలేయంలో నిద్రాణంగా దాగి, వారాలకో నెలలకో మళ్లీ జ్వరం తెస్తుంది. దాన్ని అక్కడే చంపడానికి ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. అయితే ఎర్రరక్తకణాల్లో జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్నవారికి ఈ మందు పడితే కణాలు చిట్లిపోతాయి. ఈ లోపం పుట్టుకతో వచ్చేది. మామూలు రోజుల్లో మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు కనుక చూసి పోల్చుకోవడం కుదరదు. కడుపులోని బిడ్డకు ఆ లోపం ఉందో లేదో తెలియదు కాబట్టి గర్భిణులకు ఈ మందు నిషిద్ధం. దేశంలోని మలేరియా మార్గదర్శకాలు ఏడాదిలోపు పిల్లలనూ ఈ జాబితాలోనే చేర్చాయి.

కింద వచ్చే హిందీ వాక్యాలను ఇలాంటి పత్రాల ధోరణిలో నేను ఉదాహరణ కోసం కూర్చాను. మీ పనికి మీ చేతిలో ఉన్న పత్రమే ప్రమాణం.

మొదటి మెట్టు: మూలాన్ని పరీక్షించడం

కలం పట్టేముందు మీ చేతిలో ఉన్నది ఏ కూర్పో చూసుకోండి. పత్రం చివర చిన్న అక్షరాల్లో సవరణ తేదీ ఉంటుంది. దాన్ని మీ నోటు పుస్తకంలో రాసుకోండి. పెట్టెలో ఇంగ్లీషు పత్రం కూడా ఉంటే నిషేధాల భాగాన్ని హిందీతో పక్కపక్కన పెట్టి చూడండి. ఆ హిందీ పత్రం చాలాసార్లు తానే ఒక అనువాదం. ఇంగ్లీషులో నిషేధాల శీర్షిక కింద ఉన్న మాట హిందీలో ‘సావధానియాఁ’ అనే శీర్షిక కిందికి జారిపోయి ఉండవచ్చు.

అలాంటి తేడా కనిపిస్తే తెలుగులో మీ అంతట మీరు సరిదిద్దవద్దు, ఉన్నది ఉన్నట్టు దించవద్దు. ఆ వాక్యాన్ని పక్కన పెట్టి, ప్రశ్నగా రాసి, తయారీ సంస్థకో పని అప్పగించిన వైద్యాధికారికో పంపండి. జవాబు వచ్చేదాకా ఆ పేజీ బయటికి వెళ్లకూడదు. ఒక్క వాక్యం కోసం వారం ఆగాల్సి వచ్చినా ఆగడమే నయం.

రెండో మెట్టు: ప్రతి వాక్యానికీ దాని బలం గుర్తించడం

అనువాదం మొదలుపెట్టక ముందే హిందీ వాక్యాల పక్కన పెన్సిలుతో గుర్తులు పెట్టండి. నాలుగు స్థాయిలు చాలు. ఒకటి పూర్తి నిషేధం: ఈ మనిషికి ఈ మందు ఇవ్వకూడదు. రెండు షరతుతో కూడిన నిషేధం: ఫలానాది జరిగితే తప్ప ఇవ్వకూడదు. మూడు జాగ్రత్త: ఇవ్వవచ్చు, కనిపెట్టుకుని ఉండాలి. నాలుగు కేవలం సమాచారం.

ఆ తరువాత ఒక్కో స్థాయికి ఒక్కో తెలుగు క్రియారూపాన్ని ఖాయం చేసి, పత్రం పొడుగునా దాన్నే వాడండి. నేను వాడేవి ఇవి. పూర్తి నిషేధానికి ‘ఇవ్వకూడదు, వేసుకోకూడదు’. షరతు నిషేధానికి ‘అయితేనే వేసుకోవాలి, లేకపోతే వేసుకోకూడదు’. జాగ్రత్తకు ‘వేసుకునేటప్పుడు గమనించాలి’. సమాచారానికి మామూలు వర్తమాన క్రియ. ‘రాదు’ అనే రూపం తప్పు కాదు కానీ, చెవికి వినిపించినప్పుడు ‘ఈ మందు వాడరాదు’ అన్నది నోటీసు బోర్డు భాషలా దూరంగా ఉంటుంది. ‘కూడదు’ అంటే పల్లెలో ముసలివాళ్లకూ సూటిగా తగులుతుంది.

తెలుగులో మర్యాద కోసం చెప్పే మాటలు చాలా ఉన్నాయి. ‘వాడకపోవడం మంచిది’, ‘వీలైనంతవరకు మానుకోండి’, ‘వాడకుండా ఉంటే మేలు’. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఇవే అందం. నిషేధంలోకి ఇవి వచ్చాయంటే అది సలహాగా మారిపోతుంది. హిందీలోని ‘చాహియే’ వల్లనే ఈ జారుడు ఎక్కువగా జరుగుతుంది. మామూలు మాటల్లో ‘చాహియే’ మెత్తని మాటే. కానీ మందు పత్రంలో ‘నహీఁ దీ జానీ చాహియే’ అంటే ఇవ్వవద్దనే అర్థం. దాన్ని ‘ఇవ్వకపోవడం మంచిది’ అని దించితే ఒక స్థాయి కిందికి పడిపోతుంది.

శీర్షిక దగ్గర కూడా ఇదే సమస్య. నిషేధాల శీర్షిక హిందీలో కొన్నిచోట్ల ‘విపరీత్ సంకేత్’ అని ఉంటుంది. దాన్ని మాటకు మాట మార్చి ‘వ్యతిరేక సూచనలు’ అంటే తెలుగువాడికి ‘సూచన’ అన్నది పాటించినా పాటించకపోయినా పరవాలేదనిపించే మాట. ఆ శీర్షికను ‘ఈ మందు ఎవరికి ఇవ్వకూడదు’ అని నిండు వాక్యంగా రాయండి.

మూడో మెట్టు: వాక్యాలను ఒక్కొక్కటిగా తేవడం

మొదటి వాక్యం చూద్దాం. ‘గర్భవతీ మహిలాఓఁ, ఏక్ వర్ష్ సే కమ్ ఆయు కే శిశుఓఁ తథా జీ6పీడీ కీ కమీ వాలే వ్యక్తియోఁ కో యహ్ దవా నహీఁ దీ జానీ చాహియే.’

హిందీ కర్మణి వాక్యంలో ఇచ్చేవాడు ఎవరో చెప్పనవసరం లేదు. ఇచ్చేవారికీ వేసుకునేవారికీ అది ఒకేసారి వర్తిస్తుంది. తెలుగులో ‘వాడకూడదు’ అని రాస్తే అది వేసుకునేవారికి మాత్రమే చెప్పినట్టు ఉంటుంది. ఏడాది నిండని పసివాడు తానుగా మందు వేసుకోడు. ‘ఇవ్వకూడదు’ అని మాత్రమే రాస్తే, ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు తీసుకుని తానే వేసుకునే గర్భిణికి అది తగలకుండా పోతుంది. కాబట్టి రెండూ రాయాలి. నేను ఇలా రాస్తాను:

ఈ మందును కింద చెప్పినవారికి ఇవ్వకూడదు. వారు వేసుకోకూడదు.
గర్భిణులు.
ఏడాది వయసు నిండని పిల్లలు.
జీ6పీడీ లోపం ఉన్నవారు.

‘ఏడాదిలోపు’ అనకుండా ‘ఏడాది నిండని’ అనడానికి కారణం ఉంది. మన ఇళ్లలో పిల్లల వయసును నడుస్తున్న ఏడాదితో చెప్పే అలవాటు ఇంకా పోలేదు. పదకొండు నెలల పిల్లకు ‘ఏడాది పిల్ల’ అనేస్తారు. ‘నిండని’ అన్న మాట లెక్కను ఖాయం చేస్తుంది. జీ6పీడీ దగ్గర ఇంకో మెలిక. ‘కమీ’ అన్నది చూసి కొందరు దాన్ని ‘రక్తం తక్కువగా ఉన్నవారు’ అని తేల్చేస్తారు, అందరికీ అర్థమవుతుందని. రక్తహీనత వేరు, జీ6పీడీ లోపం వేరు. అలా రాస్తే నిషేధం తప్పుడు మనుషుల మీద పడి, అసలు మనుషులు బయట మిగులుతారు. పేరును అలాగే ఉంచి, పరీక్ష కాగితం మీద కనిపించే ఇంగ్లీషు అక్షరాలను కూడా పక్కన అచ్చు వేయించండి. పోల్చుకోవడానికి అదే ఆధారం.

‘గర్భిణి’ అనే మాట గురించీ ఆలోచించాలి. నెల తప్పి ఇంకా ఎవరికీ చెప్పని అమ్మాయి తనను తాను గర్భిణిగా అనుకోదు. ‘గర్భం ఉందన్న అనుమానం ఉన్నా’ అని చేర్చాలని మీకు అనిపిస్తుంది. ఆ చేర్పు మంచిదే కావచ్చు కానీ మూలంలో లేదు. దాన్ని వైద్యాధికారి ముందు ప్రశ్నగా పెట్టండి. ఆయన ఒప్పుకుంటే చేర్చండి.

రెండో వాక్యం: ‘జీ6పీడీ కీ జాంచ్ కే బినా చౌదహ్ దిన్ కా ఉపచార్ ఆరంభ్ న కరేఁ.’

చక్కని తెలుగు కోసం పాటుపడే అనువాదకుడి చేతిలో ఇది ‘జీ6పీడీ పరీక్ష చేయించుకుని 14 రోజుల చికిత్స ప్రారంభించండి’ అవుతుంది. వాక్యం సాఫీగా ఉంది, నిషేధం మాయమైంది. హిందీ వాక్యం ఒక పనిని ఆపుతోంది. తెలుగు వాక్యం రెండు పనులు చేయమంటోంది. పరీక్ష సౌకర్యం లేని ఊళ్లో ఈ తెలుగు చదివినవారు మొదటి పని కుదరకపోతే రెండోదైనా చేద్దామనుకుంటారు. పైగా ‘చేయించుకుని’ అంటే రక్తం ఇచ్చి వస్తే చాలన్నట్టు ఉంది. మూలంలోని రెండు వ్యతిరేకాలనూ తెలుగులో నిలపండి: ‘జీ6పీడీ పరీక్ష చేయకుండా 14 రోజుల చికిత్స మొదలుపెట్టకూడదు.’ తెలుగుకు ఈ నిర్మాణం సహజమే. ‘చేతులు కడుక్కోకుండా అన్నం తినకూడదు’ అని రోజూ అంటూనే ఉంటాం.

ఫలితం వచ్చేదాకా ఆగాలా అన్నది హిందీలోనూ స్పష్టంగా లేదు. అది మరో ప్రశ్న. మీ ప్రశ్నల జాబితాలో చేరాలి. ఈ వాక్యంలోని ‘ఉపచార్’ను ‘ఉపచారం’ అని దించితే తెలుగులో సేవలు చేయడం అవుతుంది. అది చికిత్స.

మూడోది పాలిచ్చే తల్లుల గురించి: ‘స్తన్‌పాన్ కరానే వాలీ మహిలాఏఁ చికిత్సక్ కీ సలాహ్ సే హీ లేఁ.’ ఈ వాక్యం బరువంతా ‘హీ’ మీద ఉంది. అది జారిపోతే ‘డాక్టరు సలహాతో వాడవచ్చు’ అని అనుమతిగా మారుతుంది. తెలుగులో ‘హీ’కి సరిజోడు పదం చివర వచ్చే ఏకారం. ‘డాక్టరు చెబితేనే’ అన్నప్పుడు ఆ దీర్ఘమే గడియ వేసినట్టు. అచ్చులో చిన్నదిగా కనిపించే ఈ దీర్ఘాన్ని ప్రూఫు చూసేటప్పుడు ప్రత్యేకంగా వెతకండి. ‘చెబితేనే’ కాస్తా ‘చెబితే’ అయితే కంప్యూటర్‌లోని అక్షరదోష పరీక్షకు అది తప్పుగా కనిపించదు. ‘సలహా’ను కూడా నేను వదిలేస్తాను. తెలుగులో సలహా అంటే వింటే వినవచ్చు, లేకపోతే లేదు. నా వాక్యం: ‘పాలిచ్చే తల్లులు డాక్టరు చెబితేనే ఈ మందు వేసుకోవాలి. డాక్టరు చెప్పకుండా వేసుకోకూడదు.’

ఇక్కడ ఇంకో వైపు ప్రమాదం ఉంది. జాగ్రత్త పేరుతో ‘పాలిచ్చే తల్లులు వాడకూడదు’ అని బిగించడం కూడా తప్పే. అలా రాస్తే, డాక్టరు అన్నీ చూసి రాసిచ్చిన తల్లి మధ్యలో మందు మానేస్తుంది. కాలేయంలో మిగిలిన పరాన్నజీవి మళ్లీ జ్వరం తెస్తుంది. లేదా మందు వేసుకుని బిడ్డకు పాలు మాన్పిస్తుంది. మూలం ఎంత బిగువుగా ఉందో అంతే బిగువు ఉండాలి.

నాలుగో వాక్యం ప్రమాద సంకేతాలది. సడలింపులు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి కాసేపు నిలుద్దాం. ‘యది పేశాబ్ కా రంగ్ గహరా హో, ఆంఖేఁ పీలీ హోఁ, హోంఠ్ నీలే పడేఁ యా సాంస్ ఫూలే, తో దవా తురంత్ బంద్ కరేఁ ఔర్ నికట్‌తమ్ స్వాస్థ్య కేంద్ర్ జాఏఁ.’

తెలుగులో సాఫీగా పోయే వాక్యం ఇలా వస్తుంది: ‘మూత్రం ముదురు రంగులోకి మారి, కళ్లు పచ్చబడి, పెదవులు నీలంగా మారి, ఆయాసం వస్తే మందు ఆపి ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి.’ ఇందులో ‘మారి, పచ్చబడి’ అన్న రూపాలు నాలుగు లక్షణాలనూ ఒక గొలుసుగా కట్టేశాయి. నాలుగూ కలిసి వస్తేనే ఆపాలన్నట్టు అర్థం వచ్చింది. అన్నీ కనిపించేదాకా ఆగితే చాలా ఆలస్యమైపోతుంది. హిందీలో చివర ఉన్న ఒక్క ‘యా’ మొత్తం జాబితాను ‘ఏదైనా ఒకటి’గా మారుస్తోంది. తెలుగులో ఆ పని చేసేది ఆకారం: ‘మారినా, పచ్చబడినా, నీలంగా అయినా, ఆయాసం వచ్చినా’. దానికి తోడు ‘వీటిలో ఏ ఒక్కటి కనిపించినా’ అని కూడా చెప్పండి.

‘తురంత్’ ఆపడానికి చెప్పిన మాట. దాన్ని ‘వెంటనే డాక్టరును సంప్రదించండి’ అని ప్రయాణానికి తగిలిస్తే, డాక్టరు దొరికేదాకా మాత్రలు కొనసాగించవచ్చన్న భావం వస్తుంది. వానాకాలంలో వాగులు పొంగి దారులు తెగే ఊళ్లకు ఈ తేడా చిన్నది కాదు. రెండు పనులనూ రెండు వాక్యాలుగా విడదీయండి, ఆపడం ముందు రావాలి.

ఇక రంగు. ‘ముదురు రంగు’ అంటే జ్వరంతో నీళ్లు తాగని మనిషికి మూత్రం ఎలాగూ ముదురు పసుపుగానే వస్తుంది. అది చూసి ఒకరు అనవసరంగా భయపడతారు, ఇంకొకరు ఇది మామూలే అని అసలు సంకేతాన్ని కూడా పట్టించుకోరు. రక్తకణాలు చిట్లినప్పుడు వచ్చేది ఎరుపు గోధుమ కలిసిన నల్లటి రంగు. పాలు కలపని టీ డికాషన్‌లా ఉంటుంది. మూలంలో ‘గహరా’ అని మాత్రమే ఉంటే, డికాషన్ అన్న పోలిక వేయడానికి వైద్యాధికారి అనుమతి తీసుకోండి. పచ్చబడ్డ కళ్ల దగ్గర ‘కామెర్లు’ అన్న మాట ఒక్కటే వాడకండి. ఆ మాట వినగానే చాలా ఇళ్లలో పసరు మందు కోసం బయలుదేరుతారు, చేతిలోని మాత్రలు ఆపాలన్నది తట్టదు. ‘కళ్ల తెల్లగుడ్డు పచ్చబడినా’ అని కనిపించేదాన్ని చెప్పండి.

డికాషన్ పోలికకు అనుమతి దొరికితే నా చివరి రూపం ఇది:

మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, కళ్ల తెల్లగుడ్డు పచ్చబడినా, పెదవులు నీలంగా మారినా, ఆయాసం వచ్చినా, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఈ మందు వేసుకోవడం వెంటనే ఆపాలి. దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి.

అంకెలు, ‘మాత్రా’

హిందీలో ‘మాత్రా’ అంటే మోతాదు. తెలుగులో మాత్ర అంటే బిళ్ల. ‘ఏక్ మాత్రా’ను ‘ఒక మాత్ర’ అని రాస్తే ప్రైమాక్విన్ విషయంలో ఏమవుతుందో చూడండి. మన మార్గదర్శకాల్లో వైవాక్స్‌కు పెద్దవారి రోజు మోతాదు 15 మిల్లీగ్రాములు. 2.5 మిల్లీగ్రాముల బిళ్లలైతే ఆరు. ఒక మోతాదు ఒక బిళ్లగా మారితే ఆరో వంతు మందే పడుతుంది. ‘అధిక్ మాత్రా’ అన్నది ‘ఎక్కువ మాత్రలు’గా మారినా అంతే గందరగోళం. ఈ పత్రం పొడుగునా మోతాదుకు ‘మోతాదు’, బిళ్లకు ‘బిళ్ల’ అని రాసి, ‘మాత్ర’ను పూర్తిగా పక్కన పెట్టడం క్షేమం.

ఇదే మందును ఫాల్సిపారం మలేరియాలో పెద్దవారికి ఒకే ఒక్కసారి 45 మిల్లీగ్రాములు ఇస్తారు. అప్పుడు 7.5 మిల్లీగ్రాముల బిళ్లలు ఆరు. రెండు పట్టికల్లోనూ పెద్దవారి గడిలో ‘6’ అనే ఉంటుంది. బిళ్ల బలం రాయకుండా ‘ఆరు బిళ్లలు’ అని మాత్రమే తెలుగులోకి తెస్తే, 14 రోజుల చికిత్సలో ఉన్నవారికి 7.5 మిల్లీగ్రాముల బిళ్లలు చేతికందినప్పుడు రోజూ మూడు రెట్లు పడుతుంది. అందుకని ప్రతి గడిలోనూ బిళ్లల సంఖ్య, ఒక్కో బిళ్ల బలం, మొత్తం మిల్లీగ్రాములు మూడూ కలిపి రాయండి, మూలంలో పైన ఒక్కసారే ఉన్నా సరే. అక్కడ ఉన్నదాన్నే ప్రతి గడిలో మళ్లీ చెబుతున్నారు కనుక ఇది చేర్పు కిందికి రాదు. అంకెలు 1, 2, 3 రూపంలోనే ఉంచండి. దేవనాగరి అంకెలను చూసి టైపు చేసినచోట మరొకరి చేత ఒక్కో అంకెనూ చదివించుకోండి.

నాలుగో మెట్టు: వెనక్కి అనువాదం

మీ తెలుగు పాఠాన్ని హిందీ మూలం చూడని మరొకరికి ఇవ్వండి. వారు దాన్ని తిరిగి హిందీలోకి మార్చాలి. భాష మీద పరిశోధన చేసే పండితుడు అక్కర్లేదు, రెండు భాషలూ రోజూ వాడే మనిషి చాలు. మందుల దుకాణంలో పని చేసినవారు దొరికినా వారికి ఇవ్వకండి, ఎందుకంటే వారికి అసలు నియమం తెలుసు కాబట్టి మీ తెలుగు సడలినా తిరిగి హిందీలో బిగించేస్తారు.

వచ్చినదాన్ని మూలంతో పోల్చేటప్పుడు అందచందాలు చూడవద్దు. ప్రతి నిషేధ వాక్యంలో ఎవరికి, ఏ పరిస్థితిలో, ఏం చేయకూడదు, ఎంత, తరువాత ఏం చేయాలి అన్నవి మాత్రం చూడండి. ‘నహీఁ దీ జానీ చాహియే’ బదులు ‘న దేనా బేహతర్ హై’ అని వచ్చిందంటే మీ తెలుగులో ఎక్కడో ‘మంచిది’ దూరింది. ‘సే హీ’ బదులు వట్టి ‘సే’ వచ్చిందంటే ఏకారం పోయింది. తేడా వచ్చినప్పుడు వెనక్కి మార్చినవారితో వాదించకండి. వారు అలా చదివారంటే ఊళ్లో ఇంకొకరూ అలాగే చదువుతారు.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. వెనక్కి మార్చినవారు కాగితాన్ని నిదానంగా చదివారు. ఊళ్లో చాలామంది అది ఎవరో చదివితే వింటారు. అందుకే తరువాతి మెట్టును దాటవేయకూడదు.

ఐదో మెట్టు: విన్నవారిని అడగడం

ఐరోపా దేశాల్లో మందు పత్రాలను ఇలా పరీక్షిస్తారు: మొత్తం 20 మందిని, పదేసి మంది చొప్పున రెండు విడతలుగా అడుగుతారు. ప్రతి ప్రశ్నకూ కనీసం 16 మంది సమాచారాన్ని వెతికి పట్టుకుని సరిగ్గా చెప్పగలగాలి. మన పనికీ అదే కొలత పెట్టుకోవచ్చు. అయితే సిరొంచ ప్రాంతంలో తెలుగు మాట్లాడేవారు కొందరు తెలుగు లిపి చదవరు కాబట్టి, సగం మందికి కాగితం ఇచ్చి, సగం మందికి చదివి వినిపించండి.

‘అర్థమైందా?’ అని అడగవద్దు. అర్థం కాకపోయినా మర్యాదకు తల ఊపుతారు. ఒక పరిస్థితి చెప్పి ఏం చేస్తారో అడగండి. అలాంటి ఒక సంభాషణ ఇలా సాగింది. ఆశా కార్యకర్త నిషేధాల భాగం చదివి వినిపించి, అరుగు మీద కూర్చున్న పెద్దావిడను అడిగింది.

‘పెద్దమ్మా, మీ కోడలికి నాలుగో నెల. చలి జ్వరం వచ్చింది. పోయినసారి మీ అబ్బాయికి ఇచ్చిన ఈ బిళ్లలు ఇంట్లో మిగిలి ఉన్నాయి. ఏం చేస్తారు?’

‘కడుపుతో ఉంది కదా బిడ్డా, పూర్తిగా ఎందుకు వేస్తాను? సగం బిళ్ల వేసి చూస్తాను.’

పెద్దావిడ వాక్యాన్ని సరిగ్గానే విన్నది. గర్భిణులకు ఏ మందైనా తగ్గించి ఇవ్వాలన్న ఇంటి అలవాటుతో ‘ఇవ్వకూడదు’ను ‘పూర్తి మోతాదు ఇవ్వకూడదు’గా మార్చుకుంది. వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, వెనక్కి అనువాదంలో దొరకదు. విన్నవాళ్లను అడిగితేనే ఈ సంగతి బయటపడుతుంది. దానికి విరుగుడు ఈ వాక్యం: ‘గర్భిణులకు ఈ మందు ఇవ్వకూడదు. ఒక్క బిళ్ల కూడా, సగం బిళ్ల కూడా ఇవ్వకూడదు.’ మూలంలోని నిషేధంలో ఇది ఇమిడే ఉన్నా, మాటలు కొత్తవి కాబట్టి వైద్యాధికారి సంతకం ఉండాలి. మార్చిన వాక్యాన్ని రెండో విడతలో కొత్త మనుషుల ముందు పెట్టండి, విన్నవారినే మళ్లీ అడిగితే లాభం లేదు.

ప్రశ్నలు ఎన్నో అక్కర్లేదు. నిషేధంలోని ఒక్కో మనిషికి ఒకటి, ప్రమాద సంకేతాలకు రెండు, మోతాదుకు ఒకటి. సంకేతాల ప్రశ్నలో ఒకే ఒక్క లక్షణం ఇవ్వండి: ‘మూడో రోజు మూత్రం నల్లటి టీలా వచ్చింది, మరేం బాధ లేదు. ఏం చేస్తారు?’ ముందు మందు ఆపుతానని జవాబు రావాలి. దవాఖానాకు వెళ్తానని మాత్రమే చెబితే అది సగం జవాబు, సగం జవాబును తప్పు కింద లెక్కవేయండి.

అచ్చు వేసేటప్పుడు

తెలుగు పాఠం హిందీ కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. అదే కాగితంలో ఇరికించడానికి అక్షరం తగ్గిస్తే ముందు దెబ్బతినేవి వత్తులు, దీర్ఘాలు. ‘చెబితేనే’లోని ఏత్వం మసకబారితే చేసిన శ్రమంతా పోతుంది. చోటు కావాలంటే కాగితం పెంచమని అడగండి. నిషేధ వాక్యం ఒక పేజీలో మొదలై ఇంకో పేజీలో ముగియకూడదు. ‘వేసుకోకూడదు’ పేజీ తిప్పాక వస్తే, మొదటి పేజీ చదివినవారికి గర్భిణులు, పిల్లలు అన్న జాబితా మాత్రమే మిగులుతుంది, అది మందు ఎవరి కోసమో చెప్పే జాబితాలా కనిపిస్తుంది.

తయారీ సంస్థ ఆమోదం లేకుండా మీ తెలుగు కాగితాన్ని పెట్టెలో పెట్టకూడదు. ఆరోగ్య కేంద్రంలో చదివి వినిపించడానికి వాడితే, ఏ మందు, ఏ బలం బిళ్ల, ఏ తేదీ హిందీ పత్రం నుంచి వచ్చింది, ఎవరు ఆమోదించారు అన్నవి అడుగున రాయండి. మీ ప్రశ్నల జాబితానూ, వచ్చిన జవాబులనూ, వెనక్కి వచ్చిన హిందీనీ ఒక కవరులో దాచండి. కొత్త కూర్పు పత్రం వచ్చినప్పుడు ముందుగా నిషేధాల భాగాన్ని పాతదానితో వాక్యం వెంట వాక్యం పోల్చండి. ఒక్క మాట మారినా పాత తెలుగు ప్రతులను గోడల మీద నుంచీ, ఆశా కార్యకర్తల సంచుల్లో నుంచీ వెనక్కి తెప్పించి, ఆ వాక్యానికి మళ్లీ రెండో మెట్టు నుంచి పని మొదలుపెట్టండి.